కొట్టు తాళం ఎవరి జేబులో ఉండాలి?

మా ఇంట్లో పెట్టుబడి అని చెప్పుకోదగ్గది ఒక ఫోను మాత్రమే. కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ తరగతుల కోసం పాతది ఒకటి కొన్నాము. దాని తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు పగులు ఉంది. విజయవాడలో చీరల దుకాణంలో సేల్స్‌మన్ ఉద్యోగం పోయిన నాడు మంగళగిరిలోని మా అద్దె ఇంట్లో కూర్చుని ఏమేమి ఉన్నాయో లెక్క వేసుకున్నాము. మా ఇద్దరిలో ఒకరికి పదిహేనేళ్లుగా కొనేవారితో మాట్లాడిన అలవాటు ఉంది. ఇంకొకరికి ఇంటర్ వరకు చదివిన తెలుగు, తప్పుల్లేకుండా రాయగల చెయ్యి ఉన్నాయి. ఇద్దరికీ కలిపి ఆ ఫోను ఉంది. అప్పు చేసి కొట్టు పెట్టే ధైర్యం లేదు. వడ్డీకి తెచ్చే ఉద్దేశం అసలే లేదు.

మొదట మోసపోయాము. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేస్తే నెలకు ఇంత అన్న ప్రకటన చూసి, రిజిస్ట్రేషన్ కోసమని 1,500 రూపాయలు పంపాము. పని రాలేదు, ఆ నంబరు మళ్లీ పలకలేదు. ఆ తర్వాత పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే పని ప్రయత్నించాము. మా ఫోనులో 32 జీబీ మాత్రమే చోటు ఉంది. ఒక పెళ్లి తాలూకు దృశ్యాలు ఎక్కించగానే అది నిండిపోయి, వేడెక్కి, మధ్యలో ఆగిపోయేది. గొంతు పని కూడా చూశాము. దుకాణాల ప్రకటనలు చదివి రికార్డు చేసి ఇద్దామనుకున్నాము. కానీ మా గోడకు అవతల గుంట మగ్గాలు ఉన్నాయి. తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా టకటకమని వాటి చప్పుడు ప్రతి మాట వెనుకా వినిపించేది. ఇషా నమాజు తర్వాత మగ్గాలు ఆగేవి గానీ, అప్పటికి పిల్లలు నిద్రపోవాలి. ఒక గది ఇంట్లో ఆ రెండూ పొసగలేదు.

చివరకు మాకు దారి చూపింది మా ఊరికి వచ్చే కొత్తవారు. ఎయిమ్స్ ఆసుపత్రి వచ్చాక దూరపు జిల్లాల నుంచి రోగులు, వారి బంధువులు మంగళగిరికి వస్తున్నారు. అమరావతి పనుల మీద వచ్చేవారు వేరే. పాత ఊరివాళ్లయితే టైలరు ఎక్కడ, మెస్ ఎక్కడ అని ఎదురుపడిన మనిషిని అడుగుతారు. కొత్తవారు ఫోనును అడుగుతారు. ఫోను చూపిన చోటికే పోతారు. ఒకనాడు ఒక పెద్దాయన మా వీధి చివర నిలబడి, ఫోనులో చూపుతున్న కళ్లద్దాల దుకాణం కోసం వెతుకుతున్నారు. ఆ దుకాణం అక్కడి నుంచి లేచిపోయి రెండేళ్లయింది. దాని కొత్త చోటుకు ఆయనను తీసుకుపోయి దింపి వస్తుండగా, ఆ దుకాణదారుకు ఈ సంగతి చెబితే బాగుండునని అనిపించింది. చెప్పాము. ‘అది మార్చడం మాకు రాదమ్మా, మీకు వస్తే మార్చి పెట్టండి’ అన్నారాయన. మా పని అలా మొదలైంది.

గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు, చోటు, వేళలు, ఫోను నంబరు, ఫొటోలు కనిపించేలా పెట్టడానికి గూగుల్ ఒక్క రూపాయి కూడా తీసుకోదు. కాబట్టి దుకాణదారుడు మాకు ఇచ్చేది మా శ్రమకు మాత్రమే. ఈ మాట మేము మొదటే చెబుతాము. చెప్పినందువల్ల కొందరు ‘ఉచితమేగా, మా అబ్బాయి చేస్తాడు’ అని పంపేస్తారు. పంపనివ్వండి. చెప్పకుండా డబ్బు తీసుకుంటే రేపు తెలిసిన రోజున మన ముఖం చూడరు.

ఫోనులో పని చిన్నదిగానే కనిపిస్తుంది. దానిలోని మెలకువలు మాకు నష్టపోయిన తర్వాతే తెలిశాయి. అందుకే ఇప్పుడు చేసే పద్ధతిని ముందు చెప్పి, మొదట్లో చేసిన తప్పును తర్వాత చెబుతాము.

దుకాణానికి వెళ్లగానే మొదట చేసేది వెతకడం. చాలా దుకాణాలు యజమానికి తెలియకుండానే మ్యాప్‌లో ఉంటాయి. ఎవరో దారినపోయేవారు చేర్చి ఉంటారు. అలా ఉంటే కొత్తది సృష్టించకూడదు. ఆ పేజీలోనే `Claim this business` అన్న మాట కనిపిస్తుంది, దాని ద్వారా దాన్ని యజమాని చేతికి తేవాలి. ఇది చూడకుండా కొత్తది పెడితే ఒకే కొట్టుకు రెండు గుర్తులు పడతాయి. కొనేవారిలో సగం మంది పాత నంబరుకే ఫోను చేస్తారు.

తర్వాతది గుర్తు పెట్టే చోటు. మన చిరునామాలన్నీ ‘ఫలానా బడి ఎదురు సందు’ అన్న తీరున ఉంటాయి కదా. అలా రాస్తే మ్యాప్ ఆ గుర్తును పక్క వీధిలోనో, ఊరి నడిమధ్యలోనో పడేస్తుంది. దాన్ని వేలితో లాగి, పైనుంచి తీసిన చిత్రంలో కప్పును గుర్తుపట్టి, సరిగ్గా గుమ్మం ముందు పెట్టాలి. పెట్టాక మేము ఒక పరీక్ష చేస్తాము. ఆ సందు తెలియని కుర్రవాడికి ఫోను ఇచ్చి, పెద్ద రోడ్డు మీద నుంచి నడిచి రమ్మంటాము. వాడు ఎక్కడ ఆగితే అదే రేపు కొనేవాడు ఆగే చోటు. మా వాడు రెండుసార్లు గోడ వెనుక ఆగాడు. అంగడి ముందు తలుపు ఒక వీధిలో, వెనుక గోడ ఇంకో వీధిలో ఉన్న చోట ఇది తప్పక జరుగుతుంది.

వేళల దగ్గర మన దుకాణాలకు ప్రత్యేకంగా శ్రద్ధ కావాలి. శుక్రవారం జుమా కోసం మూసి మళ్లీ తెరిచే కొట్టుకు ఆ రోజు రెండు భాగాలుగా వేళలు రాయవచ్చు. ఉదాహరణకు 9 నుంచి 12.45 వరకు, తిరిగి 2.15 నుంచి 8 వరకు. ఇది రాయకపోతే ఒంటిగంటకు ఎండలో వచ్చినవాడు తాళం చూసి, కోపంతో ఒక్క నక్షత్రం ఇచ్చి పోతాడు. అతని తప్పు ఏమీ లేదు, తెరిచి ఉంటుందని మనమే రాశాము.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ధ్రువీకరణ. ఈ దుకాణం నిజంగా ఉందా, దీన్ని అడుగుతున్నవారు దాని మనుషులేనా అని గూగుల్ తేల్చుకుంటుంది. ఏ పద్ధతిలో తేల్చుకోవాలో అదే నిర్ణయిస్తుంది, మనం ఎంచుకోలేము. మాకు ఎక్కువసార్లు వచ్చింది వీడియో పద్ధతి. ముందే తీసి పెట్టుకున్న వీడియో పనికిరాదు. అక్కడే, ఆగకుండా, కత్తిరింపులు లేకుండా తీయాలి. అర నిమిషానికి తగ్గకూడదు. అందులో మూడు విషయాలు కనిపించాలి. ఒకటి, అది ఏ వీధి అన్నది. రెండు, అక్కడ ఆ వ్యాపారం నడుస్తున్నదన్నది. మూడు, తీస్తున్నవారికి దాని మీద అధికారం ఉన్నదన్నది.

మేము మొదటిసారి తీసినది తిరస్కరించబడింది. కారణం తర్వాత గ్రహించాము. కొట్టు లోపలి నుంచి మొదలుపెట్టాము. బల్ల, యంత్రాలు, గోడ అన్నీ చక్కగా వచ్చాయి గానీ, ఆ బల్ల ఏ ఊళ్లోదైనా కావచ్చు. ఇప్పుడు రోడ్డుకు అవతలి పక్క నుంచి మొదలుపెడతాము. పక్క దుకాణాల బోర్డులు, స్తంభం, మలుపు కనిపించేలా తిప్పి, మన బోర్డు మీద కాసేపు నిలిపి, దగ్గరకు నడిచి వెళ్తాము. షట్టరు అప్పటికి మూసి ఉంచి, యజమాని చేతితోనే తాళం తీయిస్తాము. తాళం తీయగలగడమే అధికారానికి మంచి సాక్ష్యం. లోపల పనిముట్లు, గోడ మీద లైసెన్సు చూపి ఆపుతాము. ఎవరి ముఖాలూ, బ్యాంకు కాగితాలూ పడకుండా చూసుకుంటాము. మనుషులను చూపనవసరం లేదన్నది తెలిశాక, ఆడవారు నడిపే కొట్లలో మా పని తేలికైంది. జవాబు రావడానికి అయిదు పనిదినాల వరకు పడుతుంది.

లైసెన్సు లేని చిన్న కొట్లకు ఏ కాగితం చూపాలన్న చిక్కు వస్తుంది. కేంద్ర ప్రభుత్వపు ఉద్యమ్ నమోదు దీనికి ఉపయోగపడుతుంది. ఆధార్‌తో ఫోనులోనే చేసుకోవచ్చు, రుసుము లేదు. దాన్ని పోలిన పేర్లతో డబ్బు అడిగే పేజీలు చాలా ఉన్నాయి. అసలుది `udyamregistration.gov.in` ఒక్కటే.

ఇప్పుడు మా తప్పు సంగతి. గౌతమ బుద్ధ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో మోటారు వైండింగ్ కొట్టు ఉంది. దాన్ని నడిపే పెద్దాయనను మేము చాచా అని పిలుస్తాము. పెదవడ్లపూడి, నూతక్కి వైపు పొలాల బోరు మోటార్లు, అపార్టుమెంట్ల నీటి మోటార్లు కాలిపోతే ఆయన విప్పి, పాత రాగి తీగ తీసి, కొత్తది చుట్టి ఇస్తారు. పనిలో మంచి పేరు ఉంది. కానీ ఆ పేరు తెలిసినవారి వరకే ఉంది. మా రెండో గిరాకీ ఆయనే. 500 రూపాయలు ఇచ్చారు.

అప్పటికి మాకు ఉత్సాహం ఎక్కువ, తెలివి తక్కువ. రెండు పొరపాట్లు ఒకేసారి చేశాము. బోర్డు మీద ఉన్న పేరు ఒకటైతే, మ్యాప్‌లో దాని పక్కన `Best Motor Rewinding Mangalagiri` అని తగిలించాము. అలా రాస్తే వెతికినవారికి ముందు కనిపిస్తుందని ఎవరో వీడియోలో చెప్పగా విన్నాము. రెండోది, చాచాకు ఈమెయిల్ లేదు కాబట్టి, మా సొంత ఈమెయిల్ మీదే ఆ కొట్టును పెట్టాము. ఆయనదే కాదు, మొదటి ఆరు కొట్లూ మా ఈమెయిల్ మీదే ఉన్నాయి. అలాగైతే పని త్వరగా అవుతుందని అనుకున్నాము. నిజం చెప్పాలంటే, అలాగైతే వీళ్లు మమ్మల్ని వదిలి పోలేరన్న ఆలోచన కూడా మనసులో ఒక మూల ఉంది.

మొదటి రెండు నెలలు ఫోన్లు బాగా వచ్చాయి. ఏ నెలలో ఎందరు ఫోను గుర్తును నొక్కారో ఆ పేజీలోనే లెక్క కనిపిస్తుంది. చాచాకు చూపించి మురిసిపోయాము. ఆ లెక్క నొక్కినవారిదే తప్ప మాట్లాడినవారిది కాదని అప్పటికి మాకు తెలియదు. ఇప్పుడు చూపేటప్పుడు ఆ తేడా కూడా చెబుతాము.

ఏప్రిల్ వచ్చింది. ఎండలు ముదిరి మోటార్లు కాలే కాలం, చాచాకు ఏడాది సంపాదనలో పెద్ద వాటా వచ్చే కాలం. అప్పుడు ఆ పేజీ నిలిపివేయబడింది. వెతికితే కొట్టు కనిపించదు. బోర్డు మీద లేని మాటలు పేరులో చేర్చడం నిబంధనలకు విరుద్ధం. ఆ నియమం ముందే రాసి ఉంది, చదవనిది మేమే.

తిరిగి తెప్పించడానికి అప్పీలు చేయాలి. ఇక్కడ మూడో పొరపాటు చేశాము. అప్పీలు ఫారం పంపిన తర్వాత సాక్ష్యపు కాగితాలు ఎక్కించడానికి 60 నిమిషాల గడువే ఉంటుంది. మేము ముందు ఫారం పంపి, ఆ తర్వాత కాగితాల కోసం చాచా ఇంటికి పరుగెత్తాము. కరెంటు బిల్లు ఆయన తమ్ముడి పేరు మీద ఉంది. ఇంకో కాగితం వెతికేలోగా గంట దాటింది. అప్పీలు కొట్టివేయబడింది. అదనపు సమీక్ష కోరి, పేరును బోర్డు మీద ఉన్నట్టే దిద్ది, బోర్డు ఫొటో, ఉద్యమ్ పత్రం జతచేస్తే చివరకు పేజీ తిరిగి వచ్చింది. మొత్తం 19 రోజులు పోయాయి.

ఆ 19 రోజుల్లో ఒక సాయంత్రం చాచా మా గుమ్మంలో నిలబడ్డారు. కేకలు వేయలేదు. ‘బేటా, దాన్ని నేను బాగుచేసుకుందామంటే మా అబ్బాయి ఫోనులో తెరుచుకోవడం లేదు. నీ ఫోనులోనే తెరుచుకుంటుందట. నా కొట్టు తాళం నీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా?’ అన్నారు.

మాకు నోట మాట రాలేదు. అమానతు గురించి పిల్లలకు చెప్పేవాళ్లం. ఒకరి వస్తువు మన దగ్గర ఉంటే అది మనది కాదని పాఠంలా వల్లె వేయించేవాళ్లం. దుకాణం పేరు, దాని మంచిచెడ్డలు, దాని కోసం వచ్చే ఫోన్లు కూడా వస్తువేనని మాకు తట్టలేదు. కళ్లకు కనిపించనిది కావడం వల్ల అది మాదైపోయినట్టు ప్రవర్తించాము. రేపు మా ఫోను పోయినా, మా ఇద్దరిలో ఒకరికి ఏదైనా అయినా, ఆరు కుటుంబాల వ్యాపారం గుర్తు మా పాస్‌వర్డుతో పాటు పోతుంది.

మరునాడే దిద్దుబాటు మొదలుపెట్టాము. చాచా కొడుకు ఫోనులో చాచా పేరిట ఈమెయిల్ తెరిచాము. పాస్‌వర్డు ఆయన చేతే పెట్టించి, కాగితం మీద రాయించి, ఆయన ఇనప్పెట్టెలో పెట్టించాము. మేము చూడలేదు. ఆ ఈమెయిల్‌ను పేజీకి యజమానిగా చేర్చాము. చేర్చిన వెంటనే పూర్తి హక్కు బదిలీ కాదు. కొత్తగా చేరినవారికి ఏడు రోజుల నిరీక్షణ ఉంటుంది. ఎనిమిదో రోజున ప్రధాన యజమాని హక్కును ఆయనకు మార్చి, మేము మేనేజరు స్థానానికి దిగాము. మేనేజరు వేళలు మార్చగలడు, ఫొటోలు పెట్టగలడు, జవాబులు రాయగలడు. యజమానిని తీసివేయలేడు. యజమాని మాత్రం మేనేజరును ఎప్పుడైనా తీసివేయవచ్చు. మిగిలిన అయిదు కొట్లకూ అలాగే చేశాము. చాచాకు 500 తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ వేసవి అంతా నెల రుసుము తీసుకోకుండా చేశాము.

ఇప్పుడు కొత్త కొట్టుకు వెళ్తే మొదటి అరగంట ఈమెయిల్‌కే పోతుంది. యజమాని దగ్గర బటన్ల ఫోనే ఉంటే, ఇంట్లో ఎవరి ఫోనులో పెట్టాలో వారే తేల్చుకోవాలి. పని ఆలస్యమవుతుంది, విసుగు కూడా పుడుతుంది. పాస్‌వర్డు మరిచిపోయి మళ్లీ మళ్లీ పిలుస్తారు. అయినా మా ఈమెయిల్ మీద మాత్రం పెట్టము. ఎవరైనా ఈ పని చేసి పెడతామని మీ కొట్టుకు వస్తే, ప్రధాన యజమానిగా ఏ ఈమెయిల్ పెడుతున్నారని ముందు అడగండి. ‘మేము చూసుకుంటాంలెండి’ అంటే పంపేయండి. గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ కొట్టు తీసేస్తాం అంటూ ఫోను చేసేవారూ ఉన్నారు. మీ ఫోనుకు వచ్చిన అంకెల కోడ్ చెప్పమని అడుగుతారు. గూగుల్ అలా డబ్బు అడగదు, ఆ కోడ్ ఎవరికీ చెప్పకూడదు.

ఇంకొక అనుభవం ఆడవారి కోసం చెప్పాలి. మా పాత ఊళ్లో ఒక ఆపా ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తారు. భర్త లేరు, ఒక కూతురు. జాకెట్టు మీద ఆమె కుట్టే జర్దోజీ పువ్వు చూస్తే కళ్లు తిప్పుకోలేము. ఆమె ఇంటిని అందరిలా గుర్తు పెట్టి, ఆమె నంబరే రాశాము. వారం తిరగకుండానే రాత్రి పదకొండుకు ఎవరెవరో ఫోను చేయడం మొదలైంది. ఒకడు నేరుగా గుమ్మం దాకా వచ్చాడు. ఆపా భయపడి, ‘నాకు గిరాకీ వద్దు, నా పేరు తీసేయండి’ అన్నారు.

తీసేయకుండానే దారి ఉందని అప్పుడు తెలిసింది. చిరునామాను దాచి, ఏయే ఊళ్లకు పని చేసి ఇస్తారో ఆ ఊళ్ల పేర్లు మాత్రం చూపవచ్చు. ఇంటి దగ్గర బోర్డు లేకుండా పని చేసేవారికి నిబంధన కూడా అదే. మంగళగిరి, తాడేపల్లి, విజయవాడ అని రాశాము. నంబరు ఆమె ఇష్టప్రకారం ఆమె అన్నయ్యది పెట్టాము. ఆయన మాట్లాడి, ఆడవారని తెలుసుకున్నాక ఆపాకు కలుపుతారు, జాకెట్లు ఆయన దుకాణంలో ఇచ్చి పుచ్చుకుంటారు. గుర్తు కనిపించని పేజీకి గిరాకీ కొంత తక్కువే వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పాము. నెలకు నాలుగైదు జాకెట్లు అదనంగా వస్తున్నాయి. ఆపా నిద్ర ఆపాకు దక్కింది.

మేము చేయని పనులు కూడా కొన్ని ఉన్నాయి. మద్యం దుకాణాలకు, వడ్డీ వ్యాపారాలకు చేయము. దొంగ పొగడ్తలు రాయించము. ఒక బిర్యానీ హోటలు యజమాని యాభై మంది బంధువుల చేత అయిదేసి నక్షత్రాలు ఇప్పిస్తే 2,000 ఇస్తానన్నాడు. ఇంకొకరు, పొగిడినవారికి కూల్‌డ్రింక్ ఉచితమని బోర్డు పెడదామన్నారు. ప్రతిఫలం చూపి పొగడ్తలు సంపాదించడం గూగుల్ నిబంధనలకూ విరుద్ధమే. మాకు మాత్రం ముందుగా గుర్తొచ్చింది తూకంలో తగ్గించి ఇచ్చేవారి గురించి దిగిన ముతఫ్ఫిఫీన్ సూరా. తిన్నవాడు చెప్పని రుచిని చెప్పినట్టు చూపడం కూడా తప్పుడు తూకంగానే మాకు తోచింది. ఆ హోటలు చేజారింది. ఆ నెల అద్దె ఆలస్యమైంది, అది కూడా నిజమే.

సంపాదన సంగతి దాచకుండా చెబుతాము. పది కొట్లకు వెళ్తే ముగ్గురు ఒప్పుకుంటారు. ఒక్కొక్కటికి రెండుసార్లు తిరగాలి, మొత్తం మూడు గంటల పని. నెలకు ఆరేడు కొత్త కొట్లు వస్తే 3,000 పైచిలుకు. వేళలు, ఫొటోలు, జవాబులు చూస్తూ ఉండమని నెలకు 100 రూపాయలు ఇచ్చే కొట్లు ఇప్పుడు 21. అంతా కలిపితే అయిదారు వేలు. ఇంటి అద్దె, కరెంటు, ఫోను రీచార్జి పోతాయి. సంసారానికి చాలదు. అందుకే మా ఇద్దరిలో ఒకరు సాయంత్రాలు మళ్లీ ఒక బట్టల దుకాణంలో నిలబడుతున్నారు. ఇది చిన్న ఊరు. దుకాణాలకు ఒక లెక్క ఉంది, ఒకసారి పెట్టిన గుర్తును మళ్లీ పెట్టనవసరం లేదు. అందుకే తాడేపల్లి, చినకాకాని వైపు కూడా తిరగడం మొదలుపెట్టాము. బస్సు ఖర్చు పెరిగితే మిగులు తగ్గుతుంది. ఒకే రోడ్డు మీద రెండు మూడు కొట్లు ఒప్పుకుంటేనే వెళ్తాము.

పోయిన రమజానుకు ముందు రోజు 21 కొట్ల వేళలు మార్చాము. ఆ నెలకు మాత్రం వర్తించేలా ప్రత్యేక వేళలు రాయవచ్చు. కొందరు ఇఫ్తారుకు మూసి తరావీహ్ తర్వాత తెరుస్తారు, కొందరు అస్ర్ నుంచే మూసేస్తారు. ఒక్కొక్కరికి ఫోను చేసి అడిగి, పగిలిన తెర మీద ఒక్కొక్క అంకె కొడుతూ ఉండగా చాచా నుంచి ఫోను వచ్చింది.

‘బేటా, మీరు శ్రమ పడకండి. మా అబ్బాయి లేడు, నేనే కళ్లద్దాలు పెట్టుకుని మార్చేశాను. సరిగా ఉందో లేదో చూసి చెప్పు’ అన్నారు.

చూశాము. తెరిచే వేళ ఉదయం పదికి బదులు రాత్రి పది అని, మూసే వేళ సాయంత్రం అయిదుకు బదులు తెల్లవారుజామున అయిదు అని ఉంది. ‘చాచా, సహరీ దాకా మోటార్లు చుడతారా?’ అని అడిగాము. ఆయన పెద్దగా నవ్వారు. మార్చి పెట్టమంటారేమోనని ఎదురుచూశాము. ‘ఉండు, ఎక్కడ నొక్కాలో చెప్పు, నేనే మారుస్తాను’ అన్నారు.